చివరి పెట్టె చెప్పే ధర

అమలాపురంలో సున్నుండలు చేసి అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. వీధిలో అందరూ పిన్నిగారంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. పొట్టు మినుములు దోరగా వేయించి, మర పట్టించి, బెల్లం కలిపి, కాచిన నెయ్యి పోసి ఉండ కడతారు. అరకిలో పెట్టె 300 రూపాయలు. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు పంపేవాళ్ళు, పురిటికి వచ్చిన కూతుళ్ళ కోసం కొనేవాళ్ళు, సాయంత్రం కాఫీతో పాటు ఒకటి నోట్లో వేసుకునేవాళ్ళు అంతా కలిపి నెలకు 200 పెట్టెలు పట్టుకెళ్తున్నారు.

ఒక నెల ఆవిడ ధైర్యం చేసి ధర 350 చేశారు. అమ్మకం 150 పెట్టెలకు పడిపోయింది. మరిదిగారు వెంటనే అందుకున్నారు: "చూశావా వదినా, యాభై పెట్టెల బేరం పోయింది. మళ్ళీ మూడొందలకే ఇచ్చెయ్యి." ఇంటర్ ఎంఈసీ చదివే కొడుకు మాత్రం కాగితం మీద రెండు లెక్కలు వేసి తల్లి ముందు పెట్టాడు. పెట్టెకు ఖర్చు 180. మూడొందలకు అమ్మినప్పుడు పెట్టెకు 120 చొప్పున 200 పెట్టెల మీద మిగిలింది 24,000. మూడొందల యాభైకి అమ్మినప్పుడు పెట్టెకు 170 చొప్పున 150 పెట్టెల మీద మిగిలింది 25,500. యాభై పెట్టెలు తక్కువ చేసి, అంత పొయ్యి సెగ తప్పించుకుని, పదిహేను వందలు ఎక్కువే కళ్ళజూశారన్నమాట.

అయితే 350 దగ్గరే ఆగాలా? 400 చేస్తే ఇంకా మిగులుతుందా? లేక 320 ఇంతకన్నా మేలా? దీనికి ఊహాగానం అక్కర్లేదు. చేతిలో ఉన్న రెండు నెలల అంకెలతోనే, కొన్ని షరతులకు లోబడి, సరైన ధర తేల్చే పద్ధతి ఉంది. ఆ షరతులు ఎంత గట్టివో చివర చూద్దాం.

ముందు ఖర్చు. పెట్టెకు మినుములు 30, బెల్లం 15, నెయ్యి 95, అట్టపెట్టె, స్టిక్కర్ కలిపి 15, గ్యాసు, మర కూలి 10, ఉండలు కట్టే మనిషికి పెట్టెకింతని ఇచ్చేది 15. మొత్తం 180. ఇంకొక పెట్టె చేస్తే ఇంకొక 180 అవుతుంది, ఒకటి మానేస్తే 180 మిగులుతుంది. ఇలా ఒక్కటి అదనంగా చేసినందుకు పెరిగే ఖర్చునే ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో ఉపాంత వ్యయం అంటారు. ఇది కాక, పొయ్యిలు పెట్టుకున్న గదికి నెలకు 8,000 అద్దె ఉంది. పది పెట్టెలు చేసినా రెండొందలు చేసినా ఇంటివాడికి కట్టేది అంతే. ఈ రెండు ఖర్చులనూ ఒకే మూటలో కట్టకపోవడమే లెక్కకు సగం బలం.

ఇక కొనేవాళ్ళ సంగతి. ధర 50 పెరిగితే 50 పెట్టెలు తగ్గాయి, అంటే రూపాయికి ఒక పెట్టె. ఇదే తూకం మిగతా ధరల దగ్గరా నడుస్తుందనుకుంటే డిమాండ్ ఒక సరళరేఖ అవుతుంది. P అంటే ధర, Q అంటే నెలకు పోయే పెట్టెలు అని పెట్టుకుంటే,

Q = 500 − P

ధరనూ పెట్టెల సంఖ్యనూ కలిపితే ఎప్పుడూ 500 వస్తుంది. 300కు 200, 350కు 150, 400కు 100. ధర 500కు చేరితే కొనే నాథుడే ఉండడు. ఈ 500 అనే అంకె తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఏ ధరకు ఎక్కువ డబ్బు వస్తుందని చూస్తే సమాధానం 250. రెండు సంఖ్యలు కలిపి 500 అయినప్పుడు అవి సమానంగా ఉంటేనే వాటి లబ్ధం అన్నిటికన్నా పెద్దది. 250 రూపాయలకు 250 పెట్టెలు పోతే 62,500 గల్లాపెట్టెలో పడతాయి. ఇంతకన్నా ఎక్కువ అమ్మకం ఏ ధర దగ్గరా రాదు. కానీ పెట్టెకు మిగిలేది 70 రూపాయలే, మొత్తం 17,500. మూడొందలకు అమ్మినప్పటికన్నా 6,500 తక్కువ. గల్లాపెట్టె కళకళలాడుతుంది, పిన్నిగారి నడుం మాత్రం విరుగుతుంది. "మా టర్నోవరు ఇంత" అని చెప్పుకునే వ్యాపారాల్లో కొన్నింటి గుట్టు ఇక్కడే ఉంది.

అసలు లెక్క ఒక్కొక్క పెట్టె దగ్గర జరగాలి. ఇంకొక పెట్టె అమ్మితే చేతికి ఎంత వస్తుంది? ధర 341 ఉన్నప్పుడు 159 పెట్టెలు పోతాయి. 160వ పెట్టె కూడా పోవాలంటే ధర 340 చేయాలి. ఆ కొత్త పెట్టె మీద 340 వచ్చిన మాట నిజమే. అయితే అంతకుముందు 341 ఇచ్చిన 159 పెట్టెలవాళ్ళు కూడా ఇప్పుడు 340 ఇస్తారు. అందరికీ ఒకే ధర కదా, స్టిక్కర్ మీద రెండు రేట్లు వేయలేం. అక్కడ 159 రూపాయలు జారిపోయాయి. 340లోంచి 159 తీస్తే 181. అంటే 160వ పెట్టె నిజంగా తెచ్చింది 340 కాదు, 181. దాన్ని చేయడానికి అయింది 180. ఒక్క రూపాయి లాభం, కాబట్టి అమ్మాలి.

161వ పెట్టె సంగతి చూడండి. దానికోసం ధర 339కి దిగాలి. ఆ పెట్టె మీద 339 వస్తుంది, ముందున్న 160 పెట్టెల మీద 160 పోతుంది. మిగిలింది 179. ఖర్చు 180. ఒక రూపాయి నష్టం, కాబట్టి చేయకూడదు.

ఇంతే. ఒక్కొక్క పెట్టె అదనంగా తెచ్చే డబ్బును ఉపాంత ఆదాయం అంటారు. అది పెట్టె పెట్టెకూ దిగుతూ వస్తుంది. ఖర్చు మాత్రం 180 దగ్గరే నిలబడి ఉంది. దిగే అంకె నిలబడ్డ అంకెను తాకే చోట ఆగితే లాభం శిఖరం మీద ఉంటుంది. పిన్నిగారికి ఆ చోటు 160 పెట్టెలు, 340 రూపాయల ధర. పెట్టెకు 160 చొప్పున మిగిలేది 25,600. అద్దె పోగా 17,600.

కొడుకు పుస్తకంలో ఇదే సంగతి మూడు వరసల్లో అయిపోతుంది. ధర P = 500 − Q. దాన్ని Qతో హెచ్చవేస్తే మొత్తం ఆదాయం 500Q − Q². దాని అవకలజం ఉపాంత ఆదాయం:

MR = 500 − 2Q

500 − 2Q = 180, కాబట్టి Q = 160

డిమాండ్ సమీకరణంలో Q ముందు ఒకటి ఉంటే ఇక్కడ రెండు వచ్చింది. డిమాండ్ సరళరేఖ అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది: ఉపాంత ఆదాయ రేఖ అదే 500 దగ్గర బయల్దేరి రెట్టింపు వాలుతో కిందికి దిగుతుంది. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు 160 రాగానే అదే జవాబని గీత గీసేయడం. అది పెట్టెల సంఖ్య. దాన్ని తిరిగి డిమాండ్ సమీకరణంలో పెడితేనే ధర 340 వస్తుంది. ఇంకొందరు దాన్ని MR సమీకరణంలో పెట్టి, ధర 180 అని తేల్చి, ఉత్త ఖర్చుకే అమ్మేస్తారు.

బీజగణితం పొడగిట్టనివాళ్ళకు ఒక అడ్డదారి ఉంది. ఎవరూ కొనని ధర 500, పెట్టె ఖర్చు 180. రెండూ కలిపి సగం చేస్తే 340. రేఖ సరళంగా ఉండి, పెట్టె ఖర్చు మారకుండా ఉన్నంతవరకూ సరైన ధర ఎప్పుడూ ఈ రెండింటికీ నట్టనడుమే ఉంటుంది.

ఈ ఆలోచనను మొదట గణితంలో పెట్టిన మనిషి ఫ్రాన్స్‌కు చెందిన ఆంత్వాన్ ఓగుస్తాన్ కూర్నో. 1838లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకంలోని ఉదాహరణ సున్నుండలు కాదు, నీళ్ళు. మరెక్కడా దొరకని ఔషధ గుణాలున్న ఊట ఒకటి ఒక మనిషి సొంతమైంది. లీటరుకు వంద ఫ్రాంకులు చెప్పే హక్కు అతనికి ఉంది, కానీ కొనేవాళ్ళు పలచబడటం చూసి అతనే దిగొస్తాడు. అలా దిగుతూ దిగుతూ ఎక్కడ ఆగుతాడన్నదే కూర్నో ప్రశ్న. ఊరే నీటికి ఖర్చు లేదు కాబట్టి అక్కడ ఉపాంత వ్యయం సున్నా, ఆదాయం శిఖరానికి చేరే ధరే లాభం శిఖరానికి చేరే ధర. ఆట మొదలైపోయిన సినిమా హాల్లో ఖాళీ కుర్చీది కూడా ఈ ఊట కథే: ఇంకొక ప్రేక్షకుడు వచ్చి కూర్చున్నంత మాత్రాన ప్రొజెక్టరు ఎక్కువ కరెంటు తాగదు. పిన్నిగారి నెయ్యి కూడా ఊటలా ఊరితే 250 రూపాయలే సరైన ధర అయ్యేది.

కూర్నో పుస్తకాన్ని అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు లేరు. 1863లో ఆయన సమీకరణాలన్నీ తీసేసి మళ్ళీ రాశారు. మొదటి పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చేసరికి 1897 అయింది, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు. ఉపాంత ఆదాయం అన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది 1930లలో, అందులో జోన్ రాబిన్సన్ 1933 నాటి పుస్తకానిది పెద్ద పాత్ర.

ఇప్పుడు మళ్ళీ అమలాపురం వద్దాం. ఇంటివాడు అద్దె 8,000 నుంచి 10,000 చేశాడు. ధర ఎంత పెంచాలి?

ఒక్క రూపాయి కూడా పెంచకూడదు. ఈ జవాబు విన్న వ్యాపారులకు ఒళ్ళు మండుతుంది. కానీ లెక్క చూడండి: 160వ పెట్టె తెచ్చే 181లో మార్పు లేదు, దానికి అయ్యే 180లోనూ మార్పు లేదు. అద్దె ఆ రెండింటిలో దేన్నీ ముట్టుకోలేదు. "అద్దె పెరిగింది, పదేసి రూపాయలు పెంచాం" అని 350 చేస్తే పెట్టెల మీద మిగిలేది 25,600 నుంచి 25,500 అవుతుంది. ఇంటివాడికి పోయిన రెండు వేలకు తోడు తమ చేత్తో తాము ఇంకో వంద పోగొట్టుకున్నట్టు. నిజంగా 350 మంచి ధరే అయితే అద్దె పెరగకముందే ఆ ధర పెట్టి ఉండాల్సింది. అద్దె తేల్చే ప్రశ్న వేరు: వ్యాపారం నడపాలా, గది ఖాళీ చేయాలా అన్నది. అద్దె 25,600 దాటితే ఏ ధర పెట్టినా ఆ గదిలో నష్టమే.

నెయ్యి పెరిగితే కథ వేరు. నెయ్యీ మినుములూ కలిసి పెట్టె ఖర్చును 180 నుంచి 220కి తోశాయనుకుందాం. 40 పెరిగింది కదా, ధరా 40 పెంచాలా? నడిమి లెక్క వేస్తే 500, 220 కలిపి సగం 360. అంటే పెంచాల్సింది 20. పెరిగిన భారంలో సగం కొనేవాళ్ళ మీద, సగం పిన్నిగారి మీద. 360కి 140 పెట్టెలు పోయి 19,600 మిగులుతుంది. మొత్తం 40 వేసి 380 చేస్తే 120 పెట్టెలు పోయి 19,200. పట్టుదలకు పోయి 340 దగ్గరే ఉన్నా అదే 19,200. ఖర్చు తగ్గినప్పుడు కూడా తగ్గించాల్సింది సగమే. నెయ్యి దిగినా మిఠాయి రేటు దిగలేదని విసుక్కునేవాళ్ళు ఈ సగం సంగతి గుర్తుంచుకోవాలి. దిగాల్సిన ఆ సగం కూడా దిగకపోతే విసుక్కోవచ్చు.

నిజం వ్యాపారులు ఇలా లెక్క వేస్తారా అంటే, చాలామంది వేయరు. ఆర్.ఎల్. హాల్, సి.జె. హిచ్ అనే ఇద్దరు 1939లో ప్రచురించిన వ్యాసం కోసం ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 38 మంది వ్యాపారులను అడిగి చూశారు. ఎక్కువమంది చెప్పిన పద్ధతి మన మరిదిగారి పద్ధతే: మొత్తం ఖర్చు తీసి, దాని మీద ఇంత అని వేసుకోవడం. ఈ పద్ధతిలో ఒక చిక్కు దాగి ఉంది. అద్దెలో పెట్టెకు ఎంత వాటా వేయాలి? 200 పెట్టెలు అమ్మితే 40, 160 అమ్మితే 50. ఎన్ని పెట్టెలు పోతాయో తెలియాలంటే ధర తెలియాలి, ధర తెలియాలంటే వాటా తెలియాలి. తోక పట్టుకుందామని కుక్క తిరిగినట్టు తిరుగుతూనే ఉండాలి. అయినా ఏళ్ళ తరబడి అమ్మిన చెయ్యి ఆ "ఇంత" అన్నదాన్ని అటూ ఇటూ సవరించుకుంటూ శిఖరం దగ్గరికే చేరుతుంటుంది. మరిదిగారు 180కి అద్దె వాటా 40 కలిపి, మీద సగం వేసుకుని ఉంటే 330 వచ్చేది. పెద్ద తప్పేమీ కాదు.

పద్ధతిలో అసలు బలహీనత సమీకరణంలో లేదు, అందులో పోసిన అంకెల్లో ఉంది. మూడొందలకు అమ్మింది సంక్రాంతి నెల అనీ, మూడొందల యాభైకి అమ్మింది ఆ తర్వాతి నెల అనీ అనుకోండి. తగ్గిన 50 పెట్టెల్లో కొన్ని ధర వల్ల కాదు, పండగ వెళ్ళిపోయినందువల్ల తగ్గి ఉంటాయి. నిజంగా ధర వల్ల తగ్గింది 25 పెట్టెలే అయితే వాలు రూపాయికి అర పెట్టె అవుతుంది. మామూలు నెలలో మూడొందలకు 175 పెట్టెలే పోయేవి. 350కి 150 అన్నది అలాగే ఉంటుంది. అప్పుడు ఎవరూ కొనని ధర 500 కాదు, 650. నడిమి ధర 415. ఒక్క పండగను మరిచిపోయినందుకు సమాధానం 75 రూపాయలు జరిగిపోయింది.

అందుకే రెండు ధరల మధ్య మిగతావన్నీ ఒకేలా ఉన్నాయా అన్నది మొదటి పరీక్ష. పండగలు, పెళ్ళిళ్ళు, పక్క వీధిలో కొత్తగా తెరిచిన కొట్టు, వీటిలో ఏది మారినా రెండు చుక్కలూ ఒకే రేఖ మీదివి కావు, రెండు వేర్వేరు రేఖల మీదివి. రెండో జాగ్రత్త 500 అనే అంకె గురించి. పిన్నిగారు ఎన్నడూ 500కు అమ్మి చూడలేదు. చూసింది 300, 350 మాత్రమే. గీతను స్కేలు పెట్టి దూరం లాగితే వచ్చిన అంకె అది. చూసిన ధరల మధ్యలోనో పక్కనో పడిన 340ని నమ్మవచ్చు. అదే లెక్క 415 అంటే మాత్రం ఒక్కసారిగా అక్కడికి గెంతకుండా ముందు 370 పెట్టి చూడటం నయం.

మరొకటి, ఈ లెక్క తన సరుకుకు తాను ధర చెప్పగలవాళ్ళదే. పిన్నిగారి చేతి రుచి వేరు కాబట్టి రూపాయి పెంచితే ఒక పెట్టె పోతుంది, అన్నీ పోవు. మార్కెట్ యార్డుకు టమాటా తెచ్చిన రైతు రూపాయి ఎక్కువ చెబితే కొనేవాడు పక్క గంపకు వెళ్తాడు. ఆ రైతుకు వాలు రేఖ లేదు, ఆ పూట పలికిన ధరే ఉంది.

ఇన్ని అనుమానాల మధ్య ఈ లెక్కలో ఒక మంచి గుణం కూడా ఉంది. శిఖరం దగ్గర కొండ చదునుగా ఉంటుంది. పిన్నిగారి అంకెలతో చూస్తే, 340కి ఎన్ని రూపాయలు అటూ ఇటూ జరిగితే ఆ అంకె వర్గమంత లాభం తగ్గుతుంది. పది రూపాయల తప్పుకు వంద, నలభై రూపాయల తప్పుకు 1,600, అమ్మకాల మోజులో 250కి దిగితే 90 రూపాయల తప్పుకు 8,100. చిన్న తప్పు దాదాపు ఊరికే పోతుంది, పెద్ద తప్పే నెత్తిన పడుతుంది. కాబట్టి పైసలతో సహా ధర తేల్చాలని తలపట్టుకోనక్కర్లేదు. ఒక నోటు పుస్తకంలో తేదీ, ధర, పోయిన పెట్టెలు, ఆ నెలలో వచ్చిన పండగ రాసుకుంటూ, పండగలు లేని నెలల్లో ధర పదో ఇరవయ్యో మార్చి చూస్తే రేఖ తనంతట తానే కనబడుతుంది.

కొడుకు 340 అన్నాడు. స్టిక్కర్లు అచ్చువేసే కుర్రాడు మాత్రం 349 అయితే కంటికి బాగుంటుందంటున్నాడు. వేయించుకోవచ్చు. దానివల్ల పిన్నిగారికి నెలకు పోయేది 81 రూపాయలు.